ఇనుములో 100 పీక్ ఎందుకు రాదు, మన ఉప్పులో 111 ఎందుకు వస్తుంది

ప్రశ్న: ఒంగోల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. BCCలో h+k+l బేసి అయితే F సున్నా అని లెక్క చేస్తే వచ్చేస్తుంది. కానీ 100 ప్లేన్లు క్రిస్టల్లో ఉన్నాయిగా? బ్రాగ్ సూత్రమూ సరిపోతుంది. మరి ఆ రిఫ్లెక్షన్ ఎటు పోయినట్టు?

జవాబు:

నెల్లూరులో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతుంటాను. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. బ్రాగ్ సూత్రం చూసేది రెండు ప్లేన్ల మధ్య దూరాన్ని మాత్రమే. ఆ మధ్యలో ఇంకే పరమాణువులున్నాయో దానికి పట్టదు. ఆ లెక్క చూసేది స్ట్రక్చర్ ఫ్యాక్టర్, అంటే మీరు లెక్కేసిన F.

ఇనుమే తీసుకోండి. సెల్ అంచు 2.866 Å, రాగి ట్యూబ్ కిరణం 1.5406 Å. 100 పీక్ వస్తే 2θ = 31.2° దగ్గర రావాలి. ఆ కోణంలో సెల్ పైముఖం నుంచి వచ్చే తరంగానికీ అడుగుముఖం నుంచి వచ్చేదానికీ తేడా సరిగ్గా ఒక λ. సెల్ నడుమ ఉన్న పరమాణువు ఈ రెంటికీ సగం దూరంలో ఉంటుంది కాబట్టి దాని తరంగం λ/2 వెనకబడుతుంది, అంటే పూర్తిగా ఎదురు ఫేజ్. ఇక్కడ పరమాణువుల లెక్క కూడా చూడాలి. మూలల్లో నాలుగు కనిపించినా పంచుకోవడం లెక్కేస్తే a² వైశాల్యానికి అక్కడ పడేది ఒకటే పరమాణువు. నడిమి పొరలోనూ ఒకటే. రెండూ ఇనుమే కాబట్టి బలం సమానం, దిశ ఎదురు. క్రిస్టల్ అంతా ఇలా జతజతలుగా కొట్టేసుకుంటుంది. ఆ దిశలో తరంగమే ఏర్పడదు కాబట్టి అక్కడ పోయే శక్తి అంటూ ఏమీ లేదు.

200 దగ్గరికొస్తే కోణం 65.0°. ఇప్పుడు నడిమి పొర తేడా పూర్తి λ అవుతుంది, అన్నీ కలుస్తాయి. 110లో అయితే నడిమి పరమాణువు మూలల ప్లేన్లోనే కూర్చుంటుంది, అందుకే ఇనుముకు మొదటి పీక్ 44.7° దగ్గర అదే. ఒక్కో పరమాణువు నుంచి వచ్చే తరంగం బలం f అనుకుని వీటన్నిటినీ ఒక్క వరుసలో పెడితే:

F = f[1 + (-1)^(h+k+l)]

FCCలో నాలుగు పరమాణువులు:

F = f[1 + (-1)^(h+k) + (-1)^(k+l) + (-1)^(h+l)]

h, k, l మూడూ సరి గానీ మూడూ బేసి గానీ అయితే 4f, కలగాపులగంగా ఉంటే సున్నా. ఇక్కడా 100కి కథ అదే. పై పొరలో a²కి రెండు పరమాణువులు, సగం దూరంలోని పొరలో రెండు.

దీన్ని చేత్తో పట్టి చూడాలంటే రాళ్లుప్పు చాలు. అల్లూరు మండలం ఇసకపల్లి ఉప్పు కొఠార్ల నుంచి మా పిల్లలు తెచ్చిన ఉప్పును XRDకి పంపాం. ఉప్పు గడ్డలో వేలికి నున్నగా తగిలే ముఖం సాక్షాత్తూ 100 ప్లేన్. అయినా దాన్నుంచి వచ్చేది 200 పీకే, 31.7° దగ్గర. లాటిస్ FCC కావడంతో 100, 110 పూర్తిగా పోతాయి. 111 మాత్రం మిగులుతుంది, కానీ చిన్నగా. ఎందుకంటే అక్కడ సోడియం పొరలకు సరిగ్గా నడుమ క్లోరిన్ పొర ఎదురు ఫేజ్‌లో ఉంటుంది: F = 4(f_Cl − f_Na). Na⁺లో 10 ఎలక్ట్రాన్లు, Cl⁻లో 18, కాబట్టి పూర్తిగా కొట్టుకుపోదు. 200లో ఆ రెండూ కూడుకుంటాయి. పొటాషియం క్లోరైడ్‌లో రెండు అయాన్లకూ 18 చొప్పునే, దాంతో 111 దాదాపు కనపడదు. సగం అంచున్న సింపుల్ క్యూబిక్ అనిపిస్తుంది. 1913లో బ్రాగ్ ఈ రెండు లవణాలనూ పక్కపక్కన పెట్టి చూసే వీటి నిర్మాణం తేల్చాడు. అందుకే నేను పిల్లలకు 'లాటిస్ వల్ల పోయేది సున్నా, పరమాణువుల వల్ల తగ్గేది తేడా' అని విడదీసి చెబుతాను. (ఉప్పును మెత్తగా నూరకపోతే ఘనాలు బల్లపరుపుగా పడుకుని 200 మరీ పెరుగుతుంది, 111 ఇంకా కుంగిపోతుంది. బలాలు పోల్చేముందు ఇది చూసుకోండి.)

మా చార్టులో 11.6° దగ్గరా 20.7° దగ్గరా చిన్న పీకులు కనిపించాయి. "ఏంది సార్, రాదన్న 100, 110 వచ్చేశాయే!" అన్నాడొకడు. 200 స్థానాన్నిబట్టి a = 5.64 Å. కాబట్టి 100 వస్తే 15.7° దగ్గర, 110 వస్తే 22.3° దగ్గర రావాలి. పీకులు అక్కడ లేవు. సముద్రపు ఉప్పులో జిప్సం ఉంటుంది, ఆ రెండు కోణాలూ దానివే. ఆ పొడినే ఓవెన్లో 150° సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి మళ్లీ తీయించాం. జిప్సంలోని నీరు చాలావరకు పోవడంతో 11.6° పీక్ మాయమై 14.7° దగ్గర కొత్తది లేచింది. ఉప్పు పీకులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.