బాల్కనీ ఎల్ఈడీ స్ట్రిప్‌కి ఎంత లావు వైరు?

"మారతహళ్లి ఫ్లాట్‌లో అడాప్టర్ హాల్లో ఉంది, స్ట్రిప్ బాల్కనీలో. మధ్యలో 8 మీటర్లు 0.5 స్క్వేర్ ఎంఎం వైరు వేశాను. 12 వోల్టులు, 60 వాట్లు. లైటు మసకగా ఉంది, వైరు వేడెక్కుతోంది. ఏ వైరు వేయాలన్నా?"

2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయండి. 60 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి లెక్కలో పొడవు 8 కాదు, 16 మీటర్లు. చాలామంది ఇక్కడే పొరబడతారు. కింది లెక్కలో 0.0175 అనేది రాగి నిరోధకత.

```
డ్రాప్ = 0.0175 × 16 × 5 ÷ వైరు స్క్వేర్ ఎంఎం
0.5 → 2.8 V
1.5 → 0.93 V
2.5 → 0.56 V
```

0.5 వైరులో పూర్తి కరెంటు పారితే 2.8 వోల్టులు దారిలోనే పోతాయి. అంటే 14 వాట్లు వైరులోనే వేడిగా మారతాయి. మిగిలిన వైరును చుట్ట చుట్టి సోఫా వెనక పెట్టి ఉంటే వెంటనే విప్పేయండి, చుట్టలో వేడి బయటికి పోదు. నష్టం అర వోల్టు దగ్గర ఉంటే మసక కంటికి దాదాపు తెలియదు.

కొనేముందు ఒకసారి లైటు వెలుగుతుండగా స్ట్రిప్ మొదట్లో మల్టీమీటర్ పెట్టి చూడండి. లైటు తీసేసి కొలిస్తే 12 చూపించి మోసం చేస్తుంది. మొదట్లో 11.4 దాటి ఉండి చివర మాత్రమే మసకగా ఉంటే తప్పు మీ వైరుది కాదు, స్ట్రిప్‌లోని సన్నటి రాగి పట్టీది. అప్పుడు రెండో చివరకి కూడా వైరు లాగి సప్లై ఇవ్వాలి.

బెంగళూరు ఎస్.పి. రోడ్‌ షాపుల్లో వైరు అడిగేటప్పుడు అసలు రాగేనా అని తీగ చివర గీకి చూడండి. రాగి పూత వేసిన అల్యూమినియం అయితే లోపల తెల్లగా కనిపిస్తుంది, దానిలో నష్టం ఇంకా ఎక్కువ. స్ట్రిప్ ఇంకా అతికించకపోతే మాత్రం స్ట్రిప్, అడాప్టర్ రెండూ 24 వోల్టులవి తీసుకోండి. కరెంటు సగమవుతుంది, 1.5 వైరే సరిపోతుంది.