ఛానల్ ఎవరి చేతిలో ఉందో వాటాల జాబితాలో కాదు, అప్పుల పేజీలో వెతకాలి

ప్రశ్న: "ఫలానా పేపరు ఫలానా వాళ్లదట, ఫలానా ఛానల్‌ని ఫలానా కంపెనీ కొనేసిందట అని అందరూ అంటూనే ఉంటారు. ఇది కాగితాల్లో చూసి తేల్చుకోవడం ఎలా? యజమాని వల్లే వార్త మారిందని చెప్పడానికి మనలాంటి పాఠకులకి ఏం ఆధారం దొరుకుతుంది?"

చాలామంది వాటాదారుల జాబితా తెరిచి, అందులో పెద్ద అంకె ఎవరి పేరు పక్కన ఉందో చూసి ఆగిపోతారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. అది ఎలాంటి పొరపాటో ఎన్డీటీవీ చేతులు మారిన తీరు చూస్తే బాగా అర్థమవుతుంది.

ఎన్డీటీవీలో వ్యవస్థాపకులు ప్రణయ్ రాయ్, రాధికా రాయ్ దంపతులకు మొత్తం 61 శాతానికి పైగా వాటా ఉండేది. ఇందులో సుమారు 32.26 శాతం వాళ్ల సొంత పేర్ల మీద, 29.18 శాతం ఆర్ఆర్పీఆర్ హోల్డింగ్ అనే వాళ్ల కంపెనీ పేరు మీద ఉంది. జాబితా మాత్రమే చూసినవాళ్లకి అది పూర్తిగా వాళ్ల సంస్థ. కానీ 2009–10లో ఆ హోల్డింగ్ కంపెనీ పాత బ్యాంకు బాకీ తీర్చడానికి విశ్వప్రధాన్ కమర్షియల్ అనే కంపెనీ దగ్గర 403.85 కోట్ల అప్పు తీసుకుంది. వడ్డీ లేని అప్పు. అందుకు బదులుగా వారంట్లు రాసిచ్చింది. అంటే అప్పిచ్చినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ కాగితాలను షేర్లుగా మార్చుకుని హోల్డింగ్ కంపెనీలో 99.99 శాతం దాకా తన పేరున రాయించుకోవచ్చు. మార్చుకునేంతవరకూ వారంటు షేరు కాదు కాబట్టి, వాటాదారుల జాబితాలో అది కనిపించదు.

పదమూడేళ్లు ఆ కాగితం అలాగే ఉంది. ఇది నియంత్రణ చేతులు మారడమేనని 2018లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తేల్చింది. 2022 జూలైలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. తర్వాతి నెల, ఆగస్టు 23న, అదానీ గ్రూపు సంస్థ ఒకటి ఆ అప్పిచ్చిన కంపెనీనే 113.74 కోట్లకు కొని, వెంటనే వారంట్లను షేర్లుగా మార్చమంది. వ్యవస్థాపకులతో చర్చ గానీ వాళ్ల సమ్మతి గానీ లేకుండానే ఇది జరిగిందని ఎన్డీటీవీ ఆ రోజే ప్రకటించింది.

ఇక్కడి నుంచి లెక్క చాలా సులువు. సెబీ నిబంధన ప్రకారం స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలో 25 శాతం దాటి చేతికొస్తే, మరో 26 శాతం కొంటామని మామూలు వాటాదారులకు బహిరంగంగా చెప్పాలి. షేరుకు 294 రూపాయలు ఇస్తామన్నారు. ఆ ఆఫర్‌లో వచ్చింది 8.27 శాతమే, అయినా సరిపోయింది. 29.18కి 8.27 కలిపితే 37.45. రాయ్ దంపతుల చేతిలో మిగిలింది 32.26. అంతే, ఆధిక్యం పోయింది. డిసెంబరులో వాళ్లు 27.26 శాతం అమ్మేశారు, అదానీ వాటా 64.71కి చేరింది. ఎన్డీటీవీ హిందీ ఛానల్ యాంకర్ రవీశ్ కుమార్ రాజీనామా నవంబరు 30నే వచ్చింది, అంటే ఆ అమ్మకానికి ముందే. న్యూస్‌రూమ్ వాళ్లకి గాలి ఎటు తిరిగిందో షేర్ల బదిలీ పూర్తయ్యేదాకా ఆగితే గానీ తెలియదనుకోవడం పొరపాటు.

ఇప్పుడు మీకు కావలసిన ఛానల్ దగ్గరికి రండి. ముందు సమాచార ప్రసార శాఖ సైటులో అనుమతి పొందిన శాటిలైట్ ఛానళ్ల జాబితా తీయండి. ఛానల్ పేరు పక్కన లైసెన్సు ఉన్న కంపెనీ పేరు ఉంటుంది. తెర మీది పేరుకీ దానికీ చాలాసార్లు పోలికే ఉండదు. టీవీ9 అసలు కంపెనీ పేరు అసోసియేటెడ్ బ్రాడ్‌కాస్టింగ్. 2018లో అందులో 90 శాతం పైచిలుకు కొన్నది అలందా మీడియా అనే మరో కంపెనీ. దాని వెనక మై హోం, మేఘా గ్రూపుల అధిపతుల పెట్టుబడులు ఉన్నాయని పత్రికల్లో విస్తృతంగా వచ్చింది. అంటే కనీసం రెండు మెట్లు ఎక్కితే గానీ మనుషుల పేర్లు కనిపించవు.

ఆ మెట్లు ఎక్కేది కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటు mca.gov.in లో. ఒక్కో కంపెనీకి 100 రూపాయలు కట్టి View Public Documents తెరిస్తే ఆ కంపెనీ దాఖలు చేసినవన్నీ దించుకోవచ్చు. చూడటానికి ఇచ్చే సమయం మూడు గంటలే, కాబట్టి కూర్చుని చదవకండి, ముందు అన్నీ దించేయండి. MGT-7 అనే వార్షిక రిటర్నుకి జతచేసిన జాబితాలో వాటాదారులుంటారు. పైన చెప్పిన కారణం వల్ల దాన్ని ఆఖరున చూడండి. ముందు AOC-4 అనే ఏటా దాఖలు చేసే లెక్కల ఫారంతో వచ్చే బ్యాలెన్స్ షీటులో దీర్ఘకాలిక అప్పుల నోట్ చదవండి. తాకట్టు లేకుండా, వడ్డీ లేకుండా లేదా నామమాత్రపు వడ్డీకి, కంపెనీ ఏడాది ఆదాయానికి ఎన్నో రెట్లు ఎవరైనా అప్పిచ్చారా? కన్వర్టిబుల్, అంటే షేర్లుగా మార్చుకోవచ్చు అనే మాట ఎక్కడైనా ఉందా? ఉంటే అప్పిచ్చిన కంపెనీ పేరు రాసుకుని, దానికి మళ్లీ 100 కట్టి ఇదే పని మొదటి నుంచి చేయండి. తర్వాత రిలేటెడ్ పార్టీల నోట్ చూడండి. ఒకే గ్రూపులోని సిమెంటు కంపెనీయో నిర్మాణ కంపెనీయో ఛానల్‌కి ప్రకటనల పేరుతో ఎంత కడుతోందో సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. MGT-7 ఏడాదికోసారి వస్తుంది, మార్చి 31 నాటి పరిస్థితి నవంబరు చివరికి గానీ కనిపించదు. ఆలస్యంగా దాఖలు చేసేవాళ్లు కూడా తక్కువేం కాదు. కాబట్టి ఈమధ్య మారిందనుకుంటే డైరెక్టర్ల మార్పు తెలిపే DIR-12 చూడండి. డబ్బు మారిన సంగతి బయటికి రాకముందే బోర్డులో కొత్త పేర్లు చేరడం మామూలే. పత్రికలైతే పని కొంత తేలిక. పాత నిబంధనల కింద ఫిబ్రవరి తర్వాత వచ్చే మొదటి సంచికలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్ల పేర్లతో ఫారం 4 అచ్చేయాల్సి ఉండేది. లైబ్రరీలో మార్చి మొదటి వారం పాత సంచికలు తిరగేస్తే లోపలి పేజీలో ఓ మూల చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది.

ఇక వార్త సంగతి. ఒక కథనం ఏకపక్షంగా ఉందని చూపించి ఇదంతా యజమాని పనే అంటే నిలవదు. డెస్కు ఆలస్యం కావచ్చు, విలేకరి అలసత్వం కావచ్చు. నమ్మదగిన పద్ధతి ఒకటే. ఒకే రోజు, ఒకే సమయానికి, అందరికీ అందిన అధికారిక పత్రం ఒకటి తీసుకోండి. 2024 మార్చి 14 సాయంత్రం ఎన్నికల సంఘం ఎన్నికల బాండ్ల వివరాలు బయటపెట్టింది. కొన్నవాళ్లలో రెండో స్థానం హైదరాబాదు సంస్థ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. మన రాష్ట్రాల్లో ఇది ఎవరికైనా పెద్ద వార్తే. మార్చి 15, 16, 17 తేదీల ఈ-పేపర్లు నాలుగు పక్కపక్కన పెట్టుకుని నాలుగే విషయాలు రాసుకోండి: ఏ పేజీ, ఎన్ని కాలాలు, శీర్షికలో ఆ పేరు ఉందా, మొదటి రెండు పేరాల్లో ఉందా. ఛానళ్లకైతే యూట్యూబులో ఆ రోజు రాత్రి తొమ్మిది గంటల బులెటిన్ చూడండి.

ఆ తర్వాత అసలు పని. మీరు పరీక్షిస్తున్న పత్రిక యజమానికి సంబంధం లేని మరో పెద్ద కంపెనీ మీద వచ్చిన అలాంటి పత్రాన్నే తీసుకుని, అదే పత్రికలో అవే నాలుగు విషయాలు కొలవండి. బయటి కంపెనీకి మొదటి పేజీ దొరికి, సొంత గ్రూపుకి పదకొండో పేజీలో సింగిల్ కాలమ్ దొరికితే, అప్పుడు మాట్లాడటానికి మీ దగ్గర ఏదో ఉన్నట్టు. అది కూడా ఒక్క ఉదాహరణతో కాదు, కనీసం ఎనిమిది పది జతలు కావాలి. ఆ రోజు ఇంకేదైనా పెద్ద ఘటన పేజీని మింగేసిందా అన్నది కూడా తప్పక చూసుకోండి.

తెలుగులో ఈ పరీక్షకి ఒక చిక్కుంది, దాని గురించి తగినంత మాట్లాడుకోవడం లేదు. మనకి పత్రికలు, ఛానళ్లు బోలెడు. ఒక పార్టీ మీద ఒకటి రాయకపోతే ఇంకొకటి రాస్తుంది. అందుకే గొంతులకి కొదవ లేదనిపిస్తుంది. కానీ ఆ తేడా పార్టీల మధ్య తేడా మాత్రమే. యజమానులందరికీ, ప్రకటనలిచ్చే వాళ్లందరికీ ఉమ్మడిగా ఇబ్బంది కలిగించే విషయాలు, ఉదాహరణకి లేఅవుట్ల అనుమతుల్లో లొసుగులు, కార్పొరేట్ కాలేజీల ఫీజులు, వరసగా అన్నిచోట్లా సన్నబడతాయి. ఇక్కడ ఏ పత్రికను ఏ పత్రికతో పోల్చినా తేడా కనిపించదు. పోల్చాల్సింది పత్రానికీ పత్రికకీ మధ్య: ప్రభుత్వ సైటులో వచ్చిన ఉత్తర్వు, కోర్టు తీర్పు, కాగ్ నివేదికలోని అధ్యాయం ఒక పక్క, దాని మీద అచ్చయిన వాక్యాలు ఇంకో పక్క.

మండల స్థాయిలో ఇది మరీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. చాలా పత్రికల్లో మండల విలేకరి జీతగాడు కాదు, కంట్రిబ్యూటర్. అచ్చయిన వార్తకి కొలిచి ఇచ్చే డబ్బు పెట్రోలుకి చాలదు. అసలు రాబడి ప్రకటనల కమీషన్. సంక్రాంతికి, ఆగస్టు 15కి, పత్రిక వార్షికోత్సవానికి ఇంత తేవాలని టార్గెట్ ఉంటుంది. ఆ ప్రకటన ఇచ్చేది ఎవరు? సర్పంచి, రియల్ ఎస్టేట్ వ్యాపారి, ప్రైవేటు స్కూలు యజమాని, క్వారీ నడిపేవాడు. రేపు రాయాల్సి వస్తే రాయాల్సింది కూడా వీళ్ల మీదే. హైదరాబాదు నుంచి ఎవరూ ఫోన్ చేసి ఆపక్కర్లేదు. జిల్లా పేజీల్లో శుభాకాంక్షల ప్రకటనల్లో ఉన్న పేర్లు ఓ నెలరోజులు రాసుకుని, అవే పేర్లు వార్తల్లో ఏ సందర్భంలో వచ్చాయో పక్కన రాసుకుంటే ఈ లెక్క ఎవరికైనా తేలుతుంది.

చివరిగా, వార్త తయారైనా ఇంటికి చేరకపోవచ్చు. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి కేబుల్‌లో ఆగిపోయాయి. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే టీవీ9, సాక్షి, ఎన్టీవీ చాలాచోట్ల కేబుల్‌లో కనబడలేదు. ఏ పార్టీ వైపు ఛానల్ అయినా జరిగింది తప్పే. మీ ఊళ్లో ఇలా జరిగితే మొదట డీటీహెచ్ ఉన్న పక్కింట్లో అదే ఛానల్ పెట్టి చూడండి. అక్కడ వస్తూ మీ కేబుల్‌లో రాకపోతే లోపం ఛానల్ ప్రసారంలో లేదు, మధ్యలో ఎంఎస్ఓ, అంటే స్థానిక ఆపరేటర్లకు సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థ దగ్గరో, మీ ఆపరేటర్ దగ్గరో ఉంది. సిగ్నల్ ఆపాలంటే మూడు వారాల ముందు నోటీసు ఇవ్వాలని టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. కాబట్టి ఛానల్ ఆగిన తేదీ, సమయం, ఖాళీ తెర ఫోటో, ఆపరేటర్ చెప్పిన కారణం లిఖితపూర్వకంగా తీసుకుని దాచండి. "టెక్నికల్ ప్రాబ్లం" అని నోటితో చెప్పి ఊరుకుంటే, అదే మాట మెసేజ్‌లో పెట్టమని అడగండి.