తేదీ మారకుండా ప్రకటన తిరగరాయడం

“మాది వైజాగ్‌లో డయాగ్నస్టిక్ ల్యాబ్. ఆఫీసు ఇచ్చిన ప్రకటన: ‘సాంకేతిక ఉన్నతీకరణ నిమిత్తం ద్వారకానగర్ శాఖలో సేవలు ఈ నెల 12 నుండి నిలిపివేయబడును. 19 నాటికి పునఃప్రారంభం కాగలవని అంచనా.’ ఫేస్‌బుక్ కోసం మామూలు భాషలో ‘19న మళ్ళీ కలుద్దాం’ అని రాస్తే, అర్థం మారిందని మేనేజర్ తిప్పి పంపారు. ఎలా రాయాలి?”

మేనేజర్ గారి మాటలో న్యాయం ఉందండీ. ఆఫీసు చెప్పింది అంచనా, మీరు మాట ఇచ్చేశారు. 19న పరగడుపున గాజువాక నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దాయనకు తాళం కనిపిస్తే ఏం చెబుతారు?

ముందు కదపకూడని వాటి కింద గీత గీయండి: శాఖ పేరు, ‘సేవలు’, 12, 19, ‘అంచనా’. ‘సేవలు’ బదులు ‘పరీక్షలు’ అని రాసినా పొరపాటే, రిపోర్టులు మాత్రం ఇస్తారనుకుంటారు. మిగతాది ధైర్యంగా మార్చండి. ‘సాంకేతిక ఉన్నతీకరణ’ అంటే ఏమిటో మాత్రం ఊహించకుండా లోపల అడగండి. కొత్త మెషీన్లేనని చెబితే ఇలా పెట్టొచ్చు:

‘ద్వారకానగర్ ల్యాబ్‌లో కొత్త మెషీన్లు పెడుతున్నాం. అందుకని ఈ నెల 12 నుంచి అక్కడ మా సేవలేవీ ఉండవు. 19కల్లా తెరవగలమని అనుకుంటున్నాం. బయలుదేరే ముందు ఒకసారి ఫోన్ చేయండి.’

ఆ చివరి వాక్యం అసలులో లేదు కాబట్టి ఫోన్ ఎత్తే మనిషి ఉన్నారని తేలాకే ఉంచండి. కామెంట్లలో మొదట వచ్చేది ‘11న ఇచ్చిన శాంపిల్ రిపోర్టు ఎక్కడ తీసుకోవాలి?’ అనే ప్రశ్నే. దానికి జవాబు ఇవాళే కనుక్కుని పోస్టులో కలపండి. తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి మేనేజర్‌కి పంపండి.