"రాలేదు" అని రాసేముందు: ఒక కొత్త రచయితకి ఉత్తరం

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. కథ గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం, ఈ ఉత్తరం మాత్రం ఒక్క విషయం మీదే రాస్తున్నా. మూడో పేజీలో తండ్రి తిరిగొచ్చే సీన్ ఉంది కదా, అక్కడ నేను ఆగిపోయాను, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదువుకోవాల్సొచ్చింది. నువ్వు రాసింది ఇది: "తలుపు చప్పుడైంది. కమల లేచింది. రవి కూడా లేచాడు. తలుపు తియ్యలేదు. ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు."

తలుపు తియ్యనిది ఎవరు? కమలా, రవా, ఇద్దరూనా? మాట్లాడనిది ఎవరు? నీకు తెలుసు, ఎందుకంటే సీన్ నీ కళ్ళ ముందుంది, కానీ పేజీ మీద ఆ సమాచారం లేదు. ఇప్పుడు అవే వాక్యాల్ని జరిగినట్టుగా మార్చి చూడు: "తలుపు తీసింది. ఏదో మాట్లాడాడు." ఒక్క పేరు కూడా చేర్చలేదు, అయినా తీసింది కమల, మాట్లాడింది రవి అని వెంటనే తెలిసిపోతుంది. అంటే కర్తని వదిలేసే అలవాటు తప్పు కాదు, తెలుగులో అందరం అలాగే రాస్తాం, ఎందుకంటే క్రియ చివర్లోనే మనిషి ఉంటాడు. తీశాను, తీశావు, తీశాడు, తీసింది, తీశాం, తీశారు. వ్యతిరేకంలోకి రాగానే ఈ ఆరూ కలిసి ఒక్క "తియ్యలేదు" అయిపోతాయి. నేను తియ్యలేదు, నువ్వు తియ్యలేదు, వాడు తియ్యలేదు, వాళ్ళు తియ్యలేదు, అన్నిటికీ అదే. ఇది మనకి పుట్టినప్పటినుంచీ వచ్చు కాబట్టి గమనించం, అందుకే రాసేటప్పుడు దెబ్బ తగులుతుంది.

ఎందుకిలా ఉంది అంటే నేను అర్థం చేసుకున్నది ఇది. "తియ్యలేదు"లో రెండు ముక్కలున్నాయి, "తియ్య" అనేది పని, "లేదు" అనేది ఆ పని లేదని చెప్పేది. లేనిది మనిషి కాదు, పని. పని ఎప్పుడూ "అది"యే కాబట్టి క్రియ "లేదు" దగ్గరే ఆగిపోతుంది, ఎవరు తియ్యకపోయినా మారదు. "తియ్యడం లేదు" కూడా అంతే, తీస్తున్నాను తీస్తున్నావు తీస్తున్నాడు అన్నిటికీ ఎదురు అదొక్కటే. (తెలంగాణ మాటలో అయితే ఇక్కడ మనిషి పోడు: వస్తలేను, వస్తలేవు, వస్తలేడు. జరిగిపోయినదానికి మాత్రం అక్కడా "రాలే" అందరికీ ఒకటే. నీ పాత్రలు ఆ యాసలో మాట్లాడితే ఈ తేడా చెవిలో పెట్టుకో.)

ఇక మనిషి ఎక్కడ మిగిలాడంటే, "తీస్తాడు"కి ఎదురైన "తియ్యడు"లో. ఇది వేరే రకం నిర్మాణం. "తీస్తాడు"లో ధాతువుకీ మనిషికీ మధ్య "తా" ఉంది, కాలం చెప్పేది అదే. "తియ్యడు"లో ఆ మధ్య ముక్క లేదు. "తియ్య"కి నేరుగా "డు" తగిలించాం అంతే, కాదు అని చెప్పే మాట ఎక్కడా విడిగా లేదు. తియ్యను, తియ్యవు, తియ్యడు, తియ్యదు, తియ్యం, తియ్యరు. కాలం చెప్పే ముక్క లేకపోవడం వల్లే పాత కావ్యభాషలో ఈ రూపం జరిగినదానికీ, జరుగుతున్నదానికీ, జరగబోయేదానికీ కూడా సరిపోయేది. ఇవాళ మనం జరిగినదానికి "లేదు" వాడుతున్నాం కాబట్టి దీనికి అలవాటూ, ముందు జరగబోయేదీ మిగిలాయి. ఆ రెండిటితో పాటు ఇంకొకటి కూడా వచ్చి చేరింది, మొండితనం. అది కథకి చాలా పనికొస్తుంది.

నీ నాలుగో పేజీలో రవి ఫోన్లో అంటాడు చూడు, "రేపు నేను రాలేను" అని. అక్కడ నీకు కావాల్సింది ఏంటో ఒక్కసారి ఆలోచించు. "రాను" అంటే నిర్ణయం, అవతలివాడికి కొంచెం తగులుతుంది. "రావట్లేదు" అంటే సమాచారం, నా రాక ప్లాన్‌లో లేదు అని, అందులో కోపం పెద్దగా వినపడదు. "రాలేను" అంటే వీలు కావట్లేదు, దాదాపు సారీ చెప్పినట్టే. జరిగిపోయాక అయితే "రాలేదు", రావాలనుండి కుదరకపోతే "రాలేకపోయాను". తండ్రి మీద పదేళ్ళ కోపమున్న రవి "రాలేను" అంటే అతని కోపం మొత్తం అక్కడే కరిగిపోయింది, చదివేవాళ్ళు అతను మెత్తబడ్డాడనుకుంటారు, కానీ తర్వాతి పేజీలో మళ్ళీ మండిపడుతున్నాడు. "రాను" అని రాయి, ఇంకేమీ మార్చక్కర్లేదు.

జరిగిపోయిన కథ చెప్తూ కూడా ఈ రూపాన్ని వాడుకోవచ్చు. "ఎన్నిసార్లు అడిగినా రవి చెప్పలేదు" అంటే రిపోర్టులా ఉంటుంది. "ఎన్నిసార్లు అడిగినా చెప్పడు" అంటే అడుగుతున్న మనిషి విసుగు కూడా వచ్చేసింది, పైగా రవి పేరు లేకపోయినా మగవాడని తెలిసింది. దీన్ని పేజీకి నాలుగుసార్లు వాడితే మాత్రం పస పోతుంది.

ఇప్పుడు ఇంకో చిక్కు, ఇది కమల దగ్గరే వస్తుంది, రవి దగ్గర రాదు. చేతకాకపోవడాన్ని కూడా మనం "లే" తోనే చెప్తాం: పాడలేను, పాడలేవు, పాడలేడు. ఇక్కడ లేనిది పని కాదు, ఆ మనిషికి శక్తి, అందుకని మనిషిని బట్టి మారుతుంది. రవి విషయంలో "పాడలేదు" అంటే పాట జరగలేదు, "పాడలేడు" అంటే చేతకాదు, రెండూ వేరువేరుగా ఉన్నాయి. కమలకి వచ్చేసరికి "పాడలేడు"కి జతగా రావాల్సింది కూడా "పాడలేదు"యే. అంటే "కమల పాడలేదు" అన్న వాక్యానికి రెండు అర్థాలు, ఆ రోజు పాడలేదని ఒకటి, పాడటం ఆమె వల్ల కాదని ఇంకోటి. నువ్వు రాసిన వాక్యం "ఆ ఇంట్లో కమల ఉండలేదు". నేను మొదట ఆమె అక్కడ కాపురం ఉండలేదు కాబోలు అనుకున్నా, రెండు పేరాల తర్వాత గానీ ఉండటం ఆమె వల్ల కావట్లేదని అర్థం కాలేదు.

దీన్ని సరిచేసే దారి కాలాన్ని బట్టి ఉంటుంది. జరిగిపోయిన అశక్తత అయితే "ఉండలేకపోయింది" అని రాయి, అనుమానమే ఉండదు, పైగా ఆ చివరి "పోయింది"లో కమల కూడా కనపడుతుంది. ఇప్పటికీ అదే పరిస్థితి అయితే "ఉండలేకపోతోంది". గౌరవంగా "ఆవిడ ఉండలేరు" అనే పాత్రకైతే ఈ చిక్కే రాదు. ఎప్పుడు అనుమానం వచ్చినా ఒక పరీక్ష చేసుకో, ఆ వాక్యంలో కమలని తీసేసి రవిని పెట్టు. "ఉండలేదు" అలాగే ఉంటే నువ్వు చెప్తున్నది జరగని పని, "ఉండలేడు" అని మార్చాల్సొస్తే నువ్వు చెప్తున్నది చేతకానితనం. రెండోది అయితే ఆ వాక్యాన్ని తిరగరాయాలి, లేదంటే ముందూ వెనకా వాక్యాలు అర్థాన్ని గట్టిగా పట్టుకునేలా చూసుకోవాలి.

సరే, మొదటి పేరా దగ్గరికి వద్దాం. సులువైన మందు పేర్లు చేర్చడం: "కమల తలుపు తియ్యలేదు. రవి ఏమీ మాట్లాడలేదు." తప్పేం లేదు, కానీ ప్రతి వాక్యానికీ పేరు తగిలిస్తే హాజరు పిలిచినట్టు ఉంటుంది. అందుకని నేను చేసే పని, వ్యతిరేకాన్ని వాక్యం చివరి నుంచి మధ్యలోకి జరపడం. "తియ్యకుండా", "మాట్లాడక", ఇలాంటి రూపాల్లో కూడా మనిషి ఉండడు గానీ వాటి తర్వాత వాక్యాన్ని ముగించడానికి ఇంకో క్రియ వస్తుంది కదా, అది మామూలు క్రియ అయితే మనిషిని అదే తెచ్చిపెడుతుంది. ఇలా: "తలుపు చప్పుడైంది. ఇద్దరూ లేచారు. తలుపు తియ్యకుండా గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. ఏమీ మాట్లాడకుండా ఆమె వెనకే చాలాసేపు నిలబడ్డాడు." పేర్లు ఒక్కసారి కూడా రాలేదు, అయినా ఎవరేం చెయ్యలేదో స్పష్టంగా ఉంది. ఇంకో లాభం కూడా ఉంది. "తియ్యలేదు" అంటే ఏం జరగలేదో మాత్రమే చెప్పావు, "తియ్యకుండా ఆగిపోయింది" అన్నప్పుడు దానికి బదులు ఏం చేసిందో కూడా చెప్పక తప్పలేదు. అయితే ఇదొక పరిమితి కూడా. నిజంగా ఏమీ జరగలేదు అని చెప్పాల్సినచోట, కర్త ఎవరో ముందే తెలిసినచోట, పొట్టిగా "తియ్యలేదు" అనే వదిలెయ్యి. అన్నిటికీ "కుండా" పెడితే వాక్యాలు తోకలా సాగుతాయి.

మనిషిని వెనక్కి తెచ్చే ఇంకో రూపం మాటల్లో ఉంది, నువ్వు అసలు వాడలేదు. చివర్లో కమల రవితో "నాకెందుకు చెప్పలేదు?" అంటుంది. "నాతో ఒక్కమాట చెప్పకపోయావా!" అని అనిపించి చూడు. "చెప్పలేదు" కారణం అడిగే ప్రశ్న, "చెప్పకపోయావా" చెప్పి ఉంటే బాగుండేదన్న బాధ, దానికి కారణం చెప్పినా సమాధానం అవ్వదు. పైగా చివర్లో "వా" ఉంది కాబట్టి వేలు నేరుగా రవి వైపే చూపిస్తోంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను, నీ కథ పేరు గురించి. "రాని ఉత్తరం" అని పెట్టావు. జరిగేవాటికి వచ్చిన, వస్తున్న, వచ్చే అని మూడు మాటలున్నాయి, వ్యతిరేకంలో మూడిటికీ "రాని" ఒక్కటే. అందుకని నీ టైటిల్‌కి ఆ రోజు రాని ఉత్తరం, ఇప్పటికీ రాకుండా ఉన్న ఉత్తరం, ఎప్పటికీ రాని ఉత్తరం అనే మూడు అర్థాలూ ఉన్నాయి. టైటిల్‌లో అది లోపం కాదు, కథ మొత్తం ఆ మూడిటి మధ్యే తిరుగుతోంది కాబట్టి దాన్ని కదపకు. కానీ ఆరో పేజీలో కథ మధ్యలో "రాని ఉత్తరం కోసం ఎదురుచూసింది" అన్నావు, అక్కడ చదివేవాళ్ళకి ఒకటే అర్థం కావాలి. ఆమెకి అది రాదని తెలుసా, తెలీదా? తెలిస్తే "రాదని తెలిసీ ఎదురుచూసింది", తెలియకపోతే "ఇంకా రాని ఉత్తరం కోసం ఎదురుచూసింది". ఈ రెండూ వేరువేరు కమలలు, నీ కథలో ఉన్నది ఏ కమలో తేల్చుకుని ఆ వాక్యం ఒక్కటి ముందు నాకు పంపు.

ప్రేమతో,
మీ అన్న