ఓటీ చేసేది మీ కోసమేగా అంటారు... మాతో గడపడానికి మాత్రం టైం లేదు!

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 33. మాది కూకట్‌పల్లి. మావారికి 38. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో మెషిన్ ఆపరేటర్. జీతం 26 వేలు. వారానికి మూడు రోజులు ఓటీ చేస్తారు, దాంతో నెలకు ఇంకో 12 వేల దాకా వస్తాయి. ఓటీ రోజు రాత్రి పదింటికి వచ్చి, తిని పడుకుంటారు. మాతో కాసేపు ఉండమంటే ‘ఇదంతా ఎవరి కోసం చేస్తున్నా’ అని కోప్పడతారు. మొన్న పెళ్లిరోజుకు ఓటీ డబ్బులతో కమ్మలు తెచ్చారు. ఆ రోజూ ఓటీయే. బాబు అప్పటికే నిద్రపోయాడు. కమ్మలు చూడగానే నాకు ఏడుపొచ్చింది, ఆయనకు కోపమొచ్చింది. తాగుడు లేదు, అప్పుల్లేవు. ఇది జబ్బా? ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఏడుపు ఆయనకు ఎలా వినిపించి ఉంటుందో ముందు చూడండి. నాలుగు గంటలు ఎక్కువ నిలబడి సంపాదించిన డబ్బు కమ్మలయ్యాయి. వాటిని చూసి మీరు ఏడిస్తే ఆయనకు అర్థమైంది ఒక్కటే: ‘నేను చేసింది చాలలేదు’. చాలలేదనుకున్న మనిషి చేసే పని ఇంకో ఓటీకి పేరు ఇచ్చుకోవడమే. నా దగ్గరికి వచ్చే జంటల్లో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఆవిడ అడుగుతుంది, ఆయన తప్పించుకుంటాడు. తప్పించుకున్న కొద్దీ ఆవిడ గట్టిగా అడుగుతుంది, అడిగిన కొద్దీ ఆయనకు ఇంటికంటే కంపెనీయే ప్రశాంతంగా అనిపిస్తుంది. ఇందులో ఎవరిది తప్పని తేల్చడానికి కూర్చుంటే తెల్లారిపోతుంది.

జబ్బా అంటే, పని వ్యసనం అనే పేరుతో వైద్యుల జబ్బుల జాబితాలో విడిగా ఏదీ లేదు. అయినా వ్యసనంలా మారిందో లేదో చూడటానికి నార్వేలోని బెర్గెన్ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో ఏడు ప్రశ్నల పట్టిక ఒకటి ఇచ్చారు. పని లేకపోతే అశాంతిగా ఉంటుందా, దిగులునో అపరాధ భావాన్నో మరచిపోవడానికి పని చేస్తున్నారా, తగ్గించుకోమని ఇతరులు చెప్పినా వినడం లేదా, పని వల్ల ఆరోగ్యం చెడిందా... ఇలా సాగుతాయి ఆ ప్రశ్నలు. ఏడింటిలో నాలుగింటికైనా ‘తరచూ’ లేదా ‘ఎప్పుడూ’ అని జవాబొస్తే ఆలోచించాల్సిందే. పట్టిక ఎందుకులే అనుకుంటే ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఈ వారం ఓటీ లేదని కంపెనీ చెప్పిన రోజు ఆయన ఎలా ఉన్నారో గుర్తు చేసుకోండి. హాయిగా పడుకుని, సాయంత్రం బాబుతో ఆడుకుంటే అది డబ్బు గురించిన జాగ్రత్త. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, ఊరికే చిరాకుపడి, సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి ‘రేపేమైనా ఉందా’ అని అడిగితే మాత్రం డబ్బుతో తీరేది కాదు. మీ ఉత్తరాన్ని బట్టి మొదటిదే అనిపిస్తోంది. కానీ ఆయన్ని చూసేది మీరు, నేను కాదు.

పేరేదైనా ఒంటి లెక్క వేరు. వారానికి 48 గంటల డ్యూటీ, 12 గంటల ఓటీ కలిపితే 60 గంటలు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి చెప్పాయి. రేపే ఏదో అయిపోతుందని కాదు. అయితే 38 ఏళ్ల మనిషి బీపీ, షుగర్ ఈ నెలలోనే చూపించుకోవాలి. మీకు దగ్గర్లోని బస్తీ దవాఖానాలో చూస్తారు. గట్టిగా గురక పెడుతున్నా, బండి నడుపుతూ కళ్లు మూతలు పడుతున్నాయన్నా ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇక అసలు సంగతి. ‘ఓటీ మానేయండి’ అని అడగకండి. అది ఆయనకు ‘మీ ప్రేమ నాకొద్దు’ అన్నట్టే వినిపిస్తుంది. ఒక్క సాయంత్రం అడగండి. అడిగే ముందు దాని ఖరీదు తెలుసుకోండి. 26 వేలను 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు వెయ్యి, గంటకు 125. ఓటీకి రెట్టింపు కాబట్టి గంటకు 250. నాలుగు గంటల సాయంత్రం అంటే వెయ్యి రూపాయలు. (కొన్ని కంపెనీలు అలవెన్సులన్నీ కలపకుండా లెక్క కడతాయి, అందుకని జీతం స్లిప్పు చూసి మీ అంకె మీరే వేసుకోండి.) అంటే వారానికి ఒక సాయంత్రం కావాలంటే ఇంటికి వచ్చే డబ్బులో నెలకు నాలుగు వేలు తగ్గుతాయి. ఆ నాలుగు వేలు ఎక్కడ సర్దుబాటు చేయాలో ముందు మీరు చెప్పాలి. చీటీ కడుతుంటే ఇది అయిపోయాక తర్వాతిది చిన్నది వేయడమా, బాబు ట్యూషన్ మాన్పించి మీరే చదివించడమా, బట్టల ఖర్చా అన్నది మీ ఇష్టం. మీరు సగం భారం మోసే లెక్కతో వెళ్తే ఆయన దాన్ని బేరంగా చూస్తారు. ఉత్త చేతులతో వెళ్తే ఫిర్యాదు అనుకుంటారు.

మాట్లాడే సమయం కూడా ముఖ్యమే. గుమ్మంలో బూట్లు విప్పుతుండగా వద్దు, రాత్రి పదింటికి కంచం ముందు వద్దు. వీక్లీ ఆఫ్ రోజు నిద్ర తీరాక, బాబు ఆటకు వెళ్లినప్పుడు, ఇరవై నిమిషాలు చాలు. మొదటి మాట ఇలా ఉండొచ్చు: ‘మీరు మా కోసమే కష్టపడుతున్నారు, నాకు తెలుసు. ఆ కమ్మల రోజు ఏడ్చింది కమ్మలు నచ్చక కాదు, మీరు పక్కన లేరని. వారంలో ఒక్క సాయంత్రం నాకివ్వండి. దానికి నెలకు నాలుగు వేలు తగ్గుతాయి, నేను ఇలా సర్దుతాను.’ అంతే, అక్కడ ఆగండి. ‘ఎప్పుడూ’, ‘ఎన్నడూ’, ‘మా అక్కవాళ్లాయన’ అనే మాటలు రానివ్వకండి. ముఖ్యంగా ఆ చివరిది!

ఆయన సరేనంటే ఏ రోజన్నది అప్పుడే ఖాయం చేసుకోండి. ఓటీ రెండు రకాలు. మధ్యాహ్నం సూపర్‌వైజర్ వచ్చి ‘ఈరోజు ఎవరుంటారు’ అని అడిగితే పేరు ఇచ్చేది ఒకటి. తర్వాతి షిఫ్ట్ రిలీవర్ రాకపోతే మెషిన్ వదిలి రాలేక ఉండిపోయేది రెండోది. మీ ఒప్పందం మొదటి రకానికే. బుధవారం అనుకుంటే, ‘బుధవారాలు నేను ఉండను సార్’ అని ఆయన సోమవారమే సూపర్‌వైజర్‌తో చెప్పాలి. మధ్యాహ్నం అందరి ముందూ అడిగాక ఉండనని చెప్పడం చాలామందికి చేతకాదు. నెలాఖరు డిస్పాచ్ వారంలో ఒత్తిడి ఎక్కువగా ఉంటే ఆ వారం మాత్రం రోజు మార్చుకోండి.

రిలీవర్ రాక బుధవారం పోయిందనుకోండి. అప్పుడు ఆ వారంలోనే ఇంకో సాయంత్రం బాకీ తీర్చాలి, ఏ రోజన్నది ఆయనే చెప్పాలి. ఇది ముందే రాసుకోండి, ఫోన్‌లో మెసేజ్‌గా పెట్టుకున్నా చాలు. మీరు గుర్తుచేస్తే సాధింపవుతుంది, ఆయనే చెబితే మాట నిలబెట్టుకోవడం అవుతుంది. మీ వైపు నుంచి కూడా ఒక మాట ఇవ్వండి: మిగతా రెండు ఓటీ రోజుల్లో ‘ఇంకా రాలేదేం’ అనే ఫోన్లు, ఇంటికి రాగానే మూతి ముడుచుకోవడం ఉండవని.

ఆ సాయంత్రం ఏం చేయాలో అనుకోకపోతే అది టీవీకి పోతుంది. ఆరింటికల్లా ఇంటికి చేరితే మొదటి అరగంట ఆయన్ని వదిలేయండి, కావాలంటే నడుం వాలుస్తారు. తర్వాత ఓ గంట బాబుతో. భోజనాలయ్యాక ఒక గంట మీ ఇద్దరిదే, ఫోన్లు ఇంకో గదిలో. కాలనీ పార్కులో నడవండి, లేదా చాయ్ తాగి రండి. నెల సరుకులకు సూపర్ మార్కెట్‌కు వెళ్లడం, అత్తగారింటికి వెళ్లి రావడం ఇందులోకి రావు. ఫీజులు, చుట్టాల గొడవలు కూడా ఆ గంటలో మాట్లాడవద్దు, వాటికి ఆదివారం ఉంది.

మొదటి వారం నిరాశగా ఉంటుంది, ముందే చెబుతున్నా. ఇన్నేళ్లుగా సాయంత్రాలు లేని మనిషికి ఖాళీగా కూర్చోవడం రాదు. ఆవులిస్తారు, చేయి ఫోన్ కోసం వెతుకుతుంది, ఏం మాట్లాడాలో తెలియక మెషిన్ బ్రేక్‌డౌన్ కథ చెబుతారు. ఆ కథే వినండి. ఆయన రోజంతా గడిపే చోటు గురించి మీకు ఎంత తెలుసు? మూడో వారానికి మాటలు వాటంతటవే వస్తాయి. సాధారణంగా ఒప్పందం తప్పేది కూడా ఆ మూడో, నాలుగో వారంలోనే. ఒకసారి తప్పితే బాకీ రూల్ వాడండి. వరుసగా రెండుసార్లు తప్పి, రెండింటి బాకీ కూడా తీరకపోతే రోజు మార్చి చూడండి. ఒప్పందం పనిచేస్తోందని తెలిసేదెలా అంటారా? మీరు అడగకుండా ఆయనే ‘రేపు బుధవారం కదా’ అన్న రోజు.

నేను చెప్పిందంతా ఆయన నిజంగా ఓటీలోనే ఉన్నారన్న లెక్క మీద చెప్పింది. స్లిప్పులో ఓటీ గంటలకు, ఇంటికి రాని గంటలకు పొంతన లేకపోతే, డబ్బు ఎటు పోతోందో తెలియకపోతే అది వేరే మాట, ముందు అది తేల్చుకోవాలి. రెండు వారాలకు పైగా నిద్ర సరిగా లేక, దేనిమీదా ఆసక్తి లేక, ‘నేను లేకపోతే మీరే బాగుంటారు’ లాంటి మాటలు వస్తుంటే ఒప్పందాలు పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఎనిమిది వారాలు ప్రయత్నించినా ఒక్క సాయంత్రం కూడా నిలవకపోతే ఇద్దరూ కలిసి ఫ్యామిలీ కౌన్సెలర్‌ను కలవండి. ‘నాకేం పిచ్చా’ అని ఆయన రానంటే మీరొక్కరే వెళ్లినా మొదలుపెట్టొచ్చు. వెళ్లేటప్పుడు మూడు నెలల జీతం స్లిప్పులు, మీరు రాసుకున్న ఒప్పందం పట్టుకెళ్లండి.

– మానసిక వైద్య నిపుణురాలు, హైదరాబాద్