వీడ్కోలు సభకు తగిన సామెత ఏది?

సందేహం: మా బాబాయి గారు 34 ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేసి ఈ నెలాఖరున ఉద్యోగ విరమణ చేస్తున్నారు. ఖాళీగా కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు. సంగీతం నేర్చుకుంటానంటున్నారు గానీ, ఈ వయసులో ఇదేమిటని నలుగురూ అనుకుంటారేమో అన్న బెరుకూ ఉంది. వీడ్కోలు సభలో ఇంటి తరఫున నేను మాట్లాడాలి. ఆయన చేసిన పనిని గౌరవించాలి, అలాగని ‘ఆ రోజులే వేరు’ అన్న ధోరణిలోకి పోకూడదు. ‘గతకాలము మేలు’, ‘కొత్తొక వింత, పాతొక రోత’, ‘దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకో’ అని మూడు రాసిపెట్టుకున్నాను. వీటిని వాడవచ్చా? ఇంతకన్నా తగినవి ఉన్నాయా?

సమాధానం: మొదటి రెండూ ఆ సభలో వద్దు. మూడోది మంచిదే, అయితే అది మీరు చెప్పవలసిన మాట కాదు, మీ బాబాయి గారు తన నోట చెప్పుకోవలసిన మాట.

‘గతకాలము మేలు వచ్చుకాలము కంటెన్’ అన్నది నన్నయ ఆంధ్రమహాభారతంలో, ఆదిపర్వంలోని ఒక కందపద్యానికి చివరి పాదం. పాండురాజు మరణించాక వ్యాసుడు తన తల్లి సత్యవతితో ఈ మాట అంటాడు. సంసారం నిలకడ లేనిది, సంపదలు ఎండమావుల వంటివి, రాబోయే రోజులు నువ్వు చూడలేనంత దారుణంగా ఉంటాయి, కనుక తపోవనానికి వెళ్లిపొమ్మని సలహా ఇస్తాడు. ఆమె కోడళ్లిద్దరినీ వెంటబెట్టుకొని వెళ్లిపోతుంది. అంటే ఆ పాదంలో బరువంతా ‘వచ్చుకాలము’ మీద ఉంది. వాడుకలో అది వెనుకటి రోజుల మీద మమకారంగా మారిపోయింది. ఏ అర్థంలో తీసుకున్నా, ఉద్యోగం విడిచి వెళ్తున్న మనిషితో అంటే ‘ఇకమీదట నీకు మంచి రోజులు లేవు’ అని చెప్పినట్టే. మీరు ‘గతకాలము మేలు’ దగ్గర ఆపేసినా ప్రయోజనం లేదు. నలుగురి నోళ్లలో నలిగిన మాటను సగంలో ఆపితే, మిగతా సగాన్ని వినేవాళ్లు మనసులోనే పూర్తి చేసుకుంటారు. ఏ సామెతనైనా సభలో వాడేముందు, దాని చెప్పని సగం ఎవరి మీద పడుతుందో చూసుకోవాలి.

‘కొత్తొక వింత, పాతొక రోత’తో చిక్కు మరింత సూటిగా ఉంటుంది. కొత్తది కనబడగానే పాతదాన్ని ఈసడించుకునే చపలబుద్ధిని తప్పుపట్టే సామెత ఇది. సంగీతం కొత్త వింత అని మీ ఉద్దేశం కావచ్చు. అప్పుడు పాత రోత ఏమిటి? ఆయన 34 ఏళ్ల ఉద్యోగం. అది కూడా ఆయనతో కలిసి పనిచేసినవాళ్ల ఎదుట. ‘పాత చింతకాయ పచ్చడి’కీ ఇదే అభ్యంతరం. పాతనూ కొత్తనూ పక్కపక్కన పెట్టి తూచే సామెత ఏదైనా ఒకదాన్ని దించకుండా రెండోదాన్ని ఎత్తలేదు. మీకు కావలసింది రెండింటినీ నిలబెట్టే మాట కనుక ఆ వర్గాన్నే పక్కన పెట్టండి.

ఇక దీపం సంగతి. అవకాశం చేతిలో ఉండగానే పని చక్కబెట్టుకోవాలని దాని భావం. ‘మా బాబాయి గారు దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నట్టు సంగీతం మొదలుపెడుతున్నారు’ అని మీరు అన్నారనుకోండి. ఆ ‘అన్నట్టు’ సామెతను తెచ్చి నేరుగా మనిషికి అతికిస్తుంది. దీపం ఆయన ఆయుష్షు అయిపోతుంది, అది ఎప్పుడు ఆరుతుందో అన్న ఆలోచన సభలోకి వస్తుంది. పైగా అధికారంలో ఉండగానే నాలుగు రాళ్లు వెనకేసుకునేవాళ్ల గురించి కూడా ఈ సామెతను ఎత్తిపొడుపుగా వాడతారు. లెక్కల విభాగం మనిషి విషయంలో ఆ ఛాయ అసలు తగలకూడదు. అదే ఆయన తన జవాబులో ‘దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు, నాకూ సంగీతం నేర్చుకోవాలన్న కోరిక చాలాకాలంగా ఉంది’ అంటే నిండుగా ఉంటుంది. తన వయసు గురించి తాను చెప్పుకున్నది వినయం, ఎదుటివాళ్లు చెప్పింది ములుకు. ‘చక్కబెట్టుకో’ అన్న ఏకవచనం కూడా పెద్దల ముందు కుదరదు, ‘చక్కబెట్టుకోవాలంటారు’ అని మార్చుకోవాలి.

సామెతల కన్నా ముందు సరిచూసుకోవలసింది మీ క్రియలు. మీరు తప్పించుకోవాలనుకుంటున్న ‘ఆ రోజులే వేరు’ ధోరణి ఎక్కువగా వాటిలోంచే వస్తుంది. ‘పొద్దున్నే వెళ్లేవారు, ఒక్క తప్పూ పోనిచ్చేవారు కాదు, అందరికీ నేర్పేవారు’ అని వరసగా ‘-ఏవారు’ రూపాలు వాడితే ఆ అలవాట్లన్నీ ముగిసిపోయాయన్న ధ్వని వస్తుంది. సంతాప సభల్లో వినబడే రూపం కూడా ఇదే. నాలుగైదు వాక్యాలు అలా సాగేసరికి ఎదురుగా కూర్చున్న మనిషి లేనివాడైపోతాడు. వాటికి బదులు పూర్తయిన పనిని చెప్పే రూపం తీసుకోండి: ‘నేర్పారు’, ‘నిలబెట్టారు’, ‘సరిదిద్దారు’. దాని పక్కనే ఇవాళ్టికీ మిగిలి ఉన్న ఫలితాన్ని వర్తమానంలో చెప్పండి: ‘ఆయన నేర్పినవాళ్లే ఇప్పుడు ఆ విభాగాన్ని నడుపుతున్నారు.’ ఇంకా మేలైనది క్రియ లేని వాక్యం. ‘ఆయన లెక్కల్లో దిట్ట’ అన్నదానికి కాలంతో పని లేదు. నిన్న దిట్ట, విరమణ మర్నాడూ దిట్టే. కుర్చీని గాక మనిషిని పొగడాలంటే తెలుగులో ఇంతకంటే సులువైన దారి లేదు.

నైపుణ్యాన్ని చెప్పే తక్కిన నుడికారాల్లో ఆయన వృత్తిని బట్టి కొంత జాగ్రత్త కావాలి. ‘ఆరితేరిన’ మంచి మాటే గానీ ‘అబద్ధాలాడటంలో ఆరితేరాడు’ అని కూడా అంటాం కనుక డబ్బు లెక్కల పక్కన అది కాస్త అటూఇటూగా వినిపిస్తుంది. ‘చేయి తిరిగిన’ అన్నది రచన, చిత్రలేఖనం, వంట వంటి చేతిపనులకు అందంగా అమరుతుంది, పద్దులకు అంతగా అమరదు. ‘చేతివాటం’ జోలికి మాత్రం పోవద్దు. అది నైపుణ్యాన్ని చెప్పే మాటలా కనబడినా వాడుకలో చిల్లర దొంగతనమే. ‘తలపండిన’ గౌరవంగానే ఉంటుంది, కాకపోతే వయసును ముందుకు తెస్తుంది. మీ సందర్భానికి ‘దిట్ట’ చాలు.

గడిచిన పనికి ఒక సామెత కావాలంటే ‘నిండుకుండ తొణకదు’ తీసుకోండి. అది పదవి గురించి మాట్లాడదు, మనిషి గురించి మాట్లాడుతుంది. అయితే మీ బాబాయి గారు నిజంగా తక్కువ మాట్లాడే మనిషైతేనే వాడండి. తన పని గురించి రోజూ చెప్పుకునే అలవాటున్నవారిని నిండుకుండ అంటే సభలో నవ్వులు వినిపిస్తాయి, సామెత ఎదురు తిరుగుతుంది.

ముందున్న దానికి వేమన పద్యం ఒకటి మీ కోసమే పుట్టినట్టుంది:

అనగననగ రాగ మతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన

అలవాటుగా అందరూ ఎత్తుకునేది రెండో పాదాన్ని. ఇక్కడ అది పొరపాటు అవుతుంది. చేదును అలవాటు చేసుకోవడం గురించిన పాదం అది, ఇష్టం లేని పని నెత్తిన పడ్డవాళ్లకు సరిపోతుంది. మీ బాబాయి గారు సంగీతం దగ్గరికి ఇష్టపడి వెళ్తున్నారు. ఆయనకు తగినది మొదటి పాదం. పాడగా పాడగా రాగం మెరుగుపడుతుందని సూటిగా చెబుతుంది, వయసు ప్రసక్తే తేదు. సంగీతం కాక ఆయన మరో పని ఎంచుకొని ఉంటే, తోటపనైనా పిల్లలకు చదువు చెప్పడమైనా, మూడో పాదం తీసుకోవలసి వచ్చేది.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను ఖండించడం కోసమైనా సభలో ఎత్తకండి. ఖండన మరిచిపోతారు, సామెత గుర్తుంటుంది. ఇంట్లో ఎవరైనా ఆయనతో అంటే మాత్రం జవాబు ఉంది. ఆ సామెత పిల్లల నడవడిని చిన్ననాడే దిద్దుకోవాలని పెంపకం గురించి చెప్పింది, పెద్దయ్యాక విద్య రాదని చెప్పలేదు. ‘కొత్త బిచ్చగాడు పొద్దెరగడు’ కూడా ఇలాంటి చోటే వినబడుతుంది. కొత్త పనిలో వేళాపాళా లేని ఉత్సాహాన్ని ఎత్తిపొడిచే మాట అది. ఆయన సాధన మొదలుపెట్టాక ఇంట్లోవాళ్లు సరదాకైనా అనకుండా ఉండటం మంచిది, బెరుకుగా ఉన్న మనిషికి అది వెంటనే తగులుతుంది.

ఇవన్నీ కలిపితే మీ ప్రసంగంలో సామెతలున్న భాగం ఇలా ఉండవచ్చు:

‘మా బాబాయి గారు లెక్కల్లో దిట్ట. 34 ఏళ్లు ఈ విభాగాన్ని చూసుకున్నారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇవాళ ఇక్కడే ఉన్నారు. నిండుకుండ తొణకదంటారు, ఈ సంగతులేవీ ఆయన నోట మేం వినలేదు, మీరు చెబితేనే తెలిసింది. ఇప్పుడు ఆయన సంగీతం మొదలుపెడుతున్నారు. అనగననగ రాగ మతిశయిల్లుచునుండు అన్నాడు వేమన. ఒక్క రూపాయి తేడా వచ్చినా అది ఎక్కడుందో తేలేదాకా కాగితం వదలని మనిషికి సాధన కొత్తేమీ కాదు.’

ఇందులో ‘-ఏవారు’ ఒక్కటీ లేదు. సామెతను ‘అన్నట్టు’తో ఆయనకు అతికించకుండా ‘అంటారు’తో పెద్దల మాటగా ఉంచాం. చివరి వాక్యం సామెత కాదు, కావాలనే అలా రాశాం. పద్యపాదం దగ్గర ఆపేస్తే అది ఎవరికైనా చెప్పదగిన మాటగా మిగిలిపోతుంది. లెక్కల్లో ఆయన చూపిన ఓపికే సాధనకూ పనికొస్తుందన్నది మీరే మీ మాటల్లో చెప్పాలి. రెండుకు మించి సామెతలు పెట్టకండి, మూడోది వచ్చేసరికి జనం మనిషిని వదిలి సామెతలు వినడం మొదలుపెడతారు.

మీ బాబాయి గారి జవాబుకు దీపం సామెత ఉంది కదా, దానికి తోడుగా సంస్థకు కృతజ్ఞత చెప్పడానికి ‘ఏరు దాటి తెప్ప తగలేసే మనిషిని కాను’ అనవచ్చు. ఆ సామెత మేలు మరచినవాళ్లను నిందించేది. వ్యతిరేకార్థంలో పెడితే పాత జ్ఞాపకాలేవీ తవ్వకుండానే రుణం ఒప్పుకున్నట్టవుతుంది. దాన్ని ‘గతాన్ని వదిలేసి ముందుకు సాగడం’ అన్న అర్థంలో కొందరు ఈమధ్య వాడుతున్నారు. తెలుగులో దానికి ఆ అర్థం లేదు. ‘కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోయింది’ అన్నది కూడా ఆయన అంటే హుందాగా ఉంటుంది, సహోద్యోగులు అంటే గెంటేసినట్టు ఉంటుంది.

జ్ఞాపిక మీద ఏదైనా రాయిస్తున్నట్టయితే ‘మీ శేషజీవితం ప్రశాంతంగా సాగాలని’ అన్న అచ్చుముక్కను మార్పించండి. శేషమంటే మిగిలిపోయినది. ‘మీ సంగీతసాధన నిరాటంకంగా సాగాలని’ అని రాయించండి, అక్షరాలు అంతకన్నా పెద్దగా ఎక్కువ పట్టవు.