అమ్మ ఏడుస్తోందని ఆ కాగితం మీద సంతకం పెట్టకండి

"పెళ్లప్పుడు నాన్న గుంటూరు దగ్గర 200 గజాల స్థలం పసుపు కుంకుమ కింద నా పేరున రిజిస్టర్ చేయించారు. మేం పుణెలో ఉంటాం. కాగితాలు అమ్మ బీరువాలోనే ఉంచాను. పోయిన ఆగస్టులో ఈసీ తీస్తే, 2022లో నేనే అమ్మేసినట్టు ఉంది. దస్తావేజు నకలు తీస్తే నా పేరు పక్కన వదిన చెల్లెలి ఫోటో! సాక్షి సంతకం అన్నయ్యది. డబ్బు మెల్లగా ఇస్తానని, రాటిఫికేషన్ డీడ్ మీద సంతకం పెట్టమని అంటున్నాడు. కేసు వేస్తే తనను మర్చిపొమ్మంటోంది అమ్మ. అన్నయ్యను క్షమించడం తప్పా?"
– ఒక సోదరి, పుణె

తప్పు కాదమ్మా. కానీ మీ అన్నయ్య అడిగింది క్షమాపణ కాదు, సంతకం. కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెట్టండి.

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది అన్నయ్య కంటే అమ్మ. ఆ కాగితాలు ఆమె బీరువాలోంచే వెళ్లాయి. తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో నేను చెప్పలేను. కానీ తెలిశాక కూడా కొడుకును నిలదీయలేదు, మిమ్మల్నే బెదిరించారు. పుట్టింటి పరువు ఆడపిల్లే కాపాడాలని మనం నేర్పించుకున్నాం. నాకది ఎప్పుడూ మింగుడుపడదు. అమ్మ మందులు, పండక్కి చీర, ఆమె బాగోగులు మీ బాధ్యతే. నాన్న మీకిచ్చిన స్థలాన్ని వదులుకోవడం అందులో భాగం కాదు.

రాటిఫికేషన్ డీడ్ అంటే 'ఆ అమ్మకం నాకు సమ్మతమే' అని రాసివ్వడం. మీరు సంతకం పెట్టని దస్తావేజుతో మీ హక్కు పోదు. కొన్నాయన నిజంగా డబ్బిచ్చి మోసపోయినా సరే, మీ హక్కు ఆయనకు వెళ్లదు. ఆయన డబ్బు మీ అన్నయ్య దగ్గర వసూలు చేసుకోవాలి. అయితే మీరు ఒకసారి సమ్మతమని రాసిచ్చాక, తర్వాత కోర్టులో కాదనడం చాలా కష్టం.

ఆ దస్తావేజు రాసింది మీరు కాదు కాబట్టి దాన్ని 'రద్దు' చేయమని అడగక్కర్లేదు. అది చెల్లదని, నాకు వర్తించదని, స్థలం నాదేనని ప్రకటించమని సివిల్ కోర్టులో దావా వేయాలి. ఈ తేడా సుప్రీంకోర్టు 2010లో స్పష్టంగా చెప్పింది. కొన్నాయన ప్రహరీ కట్టి స్థలం చేతిలో పెట్టుకుంటే స్వాధీనం కూడా అడగాలి. ఖాళీగా ఉంటే ఎవరూ అడుగుపెట్టకుండా ఇంజంక్షన్ అడగాలి. అందుకే ముందు ఎవరినైనా పంపి స్థలం ఫోటోలు తీయించండి. కొన్నాయన్ని కూడా ప్రతివాదిగా చేర్చాలి. దావా పడ్డాక ఆయన ఇంకొకరికి అమ్మినా, ఆ కొత్త మనిషి తీర్పుకు కట్టుబడాల్సిందే. ప్రకటన కోరే దావాకు, సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లే గడువు. మీకు ఆగస్టు నుంచే లెక్క మొదలైంది. అన్నయ్య 'మెల్లగా' అంటున్న ప్రతి నెలా ఆ గడువులోంచే పోతోంది.

పోలీసు స్టేషన్‌లో 'ఇది అన్నాచెల్లెళ్ల సివిల్ తగాదా' అని పంపేసే ప్రయత్నం చేస్తారు. మీ అన్నయ్య ఆ స్థలం తనదేనని చెప్పి తన పేరుతో అమ్మి ఉంటే ఆ మాటకు కొంత బలం ఉండేది. అలాంటి దస్తావేజు ఫోర్జరీ కిందకు రాదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. కానీ ఇక్కడ ఒక మనిషి మరో మనిషిగా నటించి వేలిముద్ర వేసింది. అది ఫోర్జరీయే. 2022 నాటి నేరం కాబట్టి పాత ఐపీసీ 419, 467, 471 సెక్షన్లు, రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ వర్తిస్తాయి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లండి.

ఇలాంటి కేసుల్లో నటించిన మనిషి ఎవరో తేలక, వెనకున్నవాళ్లు ఫోర్జరీ నేరం నుంచి బయటపడిన సందర్భం ఉంది. మీకు ఆ మనిషి ముఖమే దొరికింది. అందుకే ఫోటో, వేలిముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ భద్రంగా ఉంచండి. మీ వేలిముద్రతో పోల్చమని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపించమనండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. 467 కింద కేసు నమోదయ్యాక, మనసు మారిందని మీరు వెనక్కి తీసుకోలేరు. రాజీ పడినా హైకోర్టు కొట్టేస్తేనే ముగుస్తుంది. ముందు జైలు పాలయ్యేది బహుశా ఆ వదిన చెల్లెలే. మీకు అది భారంగా ఉంటే క్రిమినల్ ఫిర్యాదు గురించి వారం ఆలోచించండి. సివిల్ దావాకు మాత్రం ఆలోచించకండి.

ఇక అమ్మ. ఈసారి ఫోన్ చేస్తే, 'ఆ స్థలం నేను అమ్మానా అమ్మా?' అని ఒక్కటే అడిగి ఊరుకోండి. వాళ్లు రాటిఫికేషన్ కాగితం పంపితే చింపేయకండి. మీరు అమ్మలేదని వాళ్లకు ముందే తెలుసని చూపించడానికి పనికొచ్చే సాక్ష్యం అది. దాన్ని అలాగే మీ వకీలుకు ఇవ్వండి.